కుక్కలను చంపితే రేబిస్ పోతదా? మన తండాల లెక్క ఒకసారి చూద్దాం

పోస్టు కొంచెం పొడుగున్నది, తీరిక దొరికినప్పుడు చదవండి.

2026 జనవరిలో మన జగిత్యాల జిల్లా పెగడపల్లిలో దాదాపు 300 వీధి కుక్కలను విషపు సూదులు వేసి చంపిన్రని ఫిర్యాదు వచ్చింది, పోలీసులు కేసు పెట్టిన్రు. అదే నెలలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల ఊర్ల నుంచి కూడా ఇట్లాంటి వార్తలే వచ్చినయి. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలప్పుడు కుక్కల బాధ, కోతుల బాధ తీరుస్తమని చాలా ఊర్లల్ల అభ్యర్థులు మాట ఇచ్చిన సంగతి మనందరికీ తెలుసు. గెలిచినంక ఆ మాట నిలబెట్టుకునే తొందరలో ఇదంతా జరిగిందని పేపర్లు రాసినయి.

మా హాస్టల్లో ఈ ముచ్చట వచ్చినప్పుడు రెండు జట్లు అయినయి. "పిల్లలను పీక్కుతింటుంటే చంపక ఏం చేస్తరు?" అని ఒక జట్టు. "మూగజీవాలను చంపుడు పాపం, చట్టం కూడా ఒప్పుకోదు" అని ఇంకో జట్టు. చంపుడు నేరమన్న మాట నిజమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉన్నది, 2023 నాటి కుక్కల జనన నియంత్రణ నియమాలు ఉన్నయి. కానీ నేను ఈ పోస్టు రాసేది పాపపుణ్యాల కోసం కాదు. చంపాలన్న జట్టులో ఎక్కువ మంది మనసులో ఉన్న భయం ఒక్కటే, అది రేబిస్. ఆ భయం న్యాయమైనది. అయితే కుక్కలను చంపితే ఆ భయం తీరదు. ఎందుకు తీరదో లెక్కతో చెప్తా. దానికి ముందు ఆ రోగం మనిషిలో ఎట్ల నడుస్తదో తెలవాలె, లేకుంటే లెక్క అర్థం కాదు.

రేబిస్ అనేది జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగం. వైరస్ పిచ్చి పట్టిన జంతువు చొంగలో ఉంటది. కరిచినప్పుడు పుండులోకి దిగుతది. మిగతా రోగాల లెక్క ఇది రక్తంల కలిసి ఒళ్లంతా తిరగదు. కండలో కొన్నాళ్లు ఉండి, అక్కడి నరం కొసను పట్టుకొని, ఆ నరం వెంబడే మెల్లగ మెదడు దాకా పోతది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతది. కాలికి కరిస్తే దారి పొడుగు, ముఖానికో తలకో కరిస్తే దారి దగ్గర. వేళ్ల కొసల్లో నరాలు ఎక్కువ కాబట్టి చేతి కాటు కూడా ప్రమాదమే. మెదడుకు చేరినంక నీళ్లు చూస్తే గొంతు పట్టేసుడు, గాలి తగిలినా ఉలిక్కిపడుడు మొదలైతది. ఆ దశకు వచ్చినంక మందు లేదు. దవాఖాన ఎంత పెద్దదైనా లేదు.

అంటే మనకు దొరికే టైమంతా వైరస్ నరంలో ఎక్కేలోపలే. కుక్క కాటుకు చేసే వైద్యమంతా ఆ పరుగు పందెమే. వైరస్ మెదడుకు చేరక ముందే ఒంట్లో దాన్ని చంపే శక్తి తయారు కావాలె.

ఒక పిల్లగాడిని అనుకొని లెక్క చూద్దాం. ఎనిమిదేళ్లు, బరువు 20 కిలోలు. సోమవారం పొద్దున మేకల వెంట పోయిండు, తెలవని కుక్క వచ్చి పిక్క మీద కరిచింది. రెండు పండ్లు దిగినయి, రక్తం వచ్చింది. రక్తం వస్తే అది మూడో కేటగిరీ కాటు. కుక్క తాకితే, చర్మం బాగున్న చోట నాకితే మొదటి కేటగిరీ, దానికి కడుక్కుంటే చాలు, సూది అక్కరలేదు. రక్తం రాకుండా గోరు గీరుకుపోతే, చర్మం నొక్కుకుపోతే రెండో కేటగిరీ, దానికి పుండు కడుగుడుతో పాటు టీకా కావాలె. మూడో దానికి కడుగుడు, టీకా, దాంతో పాటు సీరం కూడా కావాలె. పుండు మీద నాకినా, నోట్లో కంట్లో చొంగ పడినా అది కూడా మూడో కేటగిరీయే. నక్కలాంటి అడవి జంతువు కరిస్తే ఎంత చిన్న పుండైనా మూడో దాని కిందనే చూస్తరు.

మొదటి పని మేకలకాడనే అయిపోవాలె. బోరు కాడికో, నల్లా కాడికో తీసుకపోయి పారే నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలె. ఈ 15 నిమిషాలను మనోళ్లు తేలికగా తీసుకుంటరు, రెండు నిమిషాలు నీళ్లు పోసి అయిపోయిందంటరు. రేబిస్ వైరస్ మీద కొవ్వు పొర ఒకటి ఉంటది, సబ్బు ఆ పొరను కరిగిస్తది. బట్టల సబ్బైనా సరే. ఇంకా నరం దాకా పోని వైరస్ అక్కడనే చస్తది. మారం చేస్తున్న పిల్లగానికి 15 నిమిషాలు కడుగుడు కష్టమే, ఫోన్ల టైమ్ పెట్టుకోండి. కడిగినంక పొవిడోన్ అయోడిన్ ఉంటే పూయాలె. కారం, సున్నం, పసుపు, కిరసనాయిలు, పసరు ఏదీ పూయొద్దు. అవి పుండును మండించి కండను పాడు చేస్తయి, లోపలి నరాల కొసలు ఇంకా బయటపడుతయి. పుండు మీద కట్టు కట్టొద్దు. కుట్లు కూడా వెంటనే వేయొద్దు. తప్పనిసరైతే సీరం ఎక్కించినంకనే వేయాలె.

ఆ రోజే పీహెచ్‌సీకి పోవాలె. ఆ రోజును సున్నా రోజు అంటరు. మన సర్కారు దవాఖానల్ల టీకాను చర్మం పొరలోకి ఇస్తరు. రెండు భుజాలకు 0.1 మిల్లీలీటర్ చొప్పున రెండు సూదులు. మళ్ల మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. మన పిల్లగానికి సున్నా రోజు సోమవారం కాబట్టి గురువారం, తర్వాతి సోమవారం, ఇంక నాలుగు వారాలకు వచ్చే సోమవారం. ప్రైవేటుల కండకు వేసే పద్ధతైతే 14వ రోజు కూడా కలుస్తది, మొత్తం ఐదు సూదులు. రెండు పద్ధతులూ మంచివే.

చర్మం పొరలోకి సరిగ్గా పడ్డదా లేదా మీరే చూడొచ్చు. సూది పెట్టిన చోట చిన్న బుడిపె లేవాలె, దాని మీద నారింజ తొక్క లెక్క సన్న గుంటలు కనిపించాలె. బుడిపె లేవకుంటే మందు లోపలికి దిగినట్టు. అప్పుడు పక్కన ఇంకోటి వేయాలె. గొడవ పెట్టుకోకుండా, "సిస్టర్, బుడిపె రాలేదు, ఒకసారి చూడండి" అని అడగండి. పిరుదులకు మాత్రం ఈ టీకా వేయించుకోవద్దు. అక్కడ కొవ్వుంటది, సరిగ్గా పనిచేయదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉన్నది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిల ఒక సీసాను నలుగురైదుగురికి పంచుతరు. సీసా తెరిచినంక ఆరు నుంచి ఎనిమిది గంటలే ఉంచుతరు, మిగిలింది పారబోయాలె. అందుకని కొన్ని చోట్ల "ఇంకో ఇద్దరు ముగ్గురు రానీ, రేపు రా" అంటరు. మా తండా దిక్కున ఒకామెను ఇట్లనే రెండు సార్లు తిప్పి పంపిన్రు. ఏ దవాఖాననో పేరు ఇక్కడ రాయను. మందు వృథా కావొద్దన్న వాళ్ల ఆలోచన అర్థమైతది. కానీ మూడో కేటగిరీ కాటుకు మొదటి సూది వాయిదా పడొద్దు. తండా నుంచి బస్సు చార్జీ పెట్టుకొని, ఒక రోజు కూలి పోగొట్టుకొని వచ్చినామెను రేపు రమ్మంటే ఆమె రాదు. మన చదువుకున్నోళ్లు పక్కన ఒకరు నిలబడి అడిగితే చాలా సార్లు ఆ రోజే పని అయితది.

ఇప్పుడు సీరం ముచ్చట. మన దగ్గర చాలా మంది "సూదులు వేయించినం" అనే మాటతో ఆగిపోతరు. టీకా వేసినంక ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతది. లోతు కాటైతే ఆ లోపల వైరస్ నరం పట్టుకోవచ్చు. ఆ ఖాళీని పూడ్చడానికి ముందే తయారైన రక్షణను నేరుగా పుండులోకే ఎక్కిస్తరు. అదే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, మనం సీరం అంటం. గుర్రం రక్తం నుంచి తీసిందైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసిందైతే 20 యూనిట్లు. మన పిల్లగాడు 20 కిలోలు కాబట్టి గుర్రం సీరం 800 యూనిట్లు. మిల్లీలీటర్‌కు 300 యూనిట్లుండే సీసా అయితే సుమారు 2.7 మిల్లీలీటర్లు. దాన్ని రెండు పండ్ల గాట్ల లోపల, చుట్టూ ఎక్కించాలె. నొప్పి అవుతది, పిల్లగాడు ఏడుస్తడు. నొప్పి అని భుజానికో తొడకో వేసి పంపితే అసలు పని జరగనట్టే, ఎందుకంటే వైరస్ ఉన్నది పిక్కలో.

సీరం అన్ని పీహెచ్‌సీలల్ల దొరకదు, పెద్ద దవాఖానకు పంపుతరు. ఇక్కడనే మనోళ్లు తప్పిపోతరు. పీహెచ్‌సీల ఒక సూది పడ్డది కదా, జగిత్యాలకో సిరిసిల్లకో మళ్ల ఎవరు పోతరని ఇంటికి పోతరు. సీరం మొదటి సూదితో పాటే పడితే మంచిది, ఆ రోజు కాకుంటే మొదటి టీకా పడ్డ నాటి నుంచి ఏడు రోజులలోపు వేయించుకోవాలె. ఆ తర్వాత వేసి లాభం లేదు, అప్పటికి టీకా తన పని మొదలుపెట్టి ఉంటది. సీరం దొరకలేదని టీకాను ఆపొద్దు, టీకా పడ్డదని సీరంను వదలొద్దు. బయలుదేరే ముందు ఏ దవాఖానల స్టాక్ ఉన్నదో ఆశా అక్కతోనో ఏఎన్ఎం తోనో ఫోన్ చేయించి కనుక్కోండి, చార్జీలు మిగులుతయి.

మధ్యల ఒక సూది తప్పితే మళ్ల మొదటి నుంచి వేయించుకోవాలని భయపడి మొత్తానికే మానేసినోళ్లు ఉన్నరు. మొదటి నుంచి అక్కరలేదు, ఆగిన కాడి నుంచి వేస్తరు. కరిచి నెల అయినా, లక్షణాలు రాకుంటే పోయి మొదలుపెట్టొచ్చు. గర్భిణికి, బాలింతకు, పాలు తాగే బిడ్డకు ఎవరికైనా వేయొచ్చు. ఇంతకు ముందు పూర్తి కోర్సు వేసుకున్నోళ్లను మళ్ల కుక్క కరిస్తే సున్నా రోజు, మూడో రోజు వేస్తే సరిపోతది, సీరం అక్కరలేదు. అందుకే ఆ చీటీని ఆధార్ కార్డు లెక్క భద్రంగా దాచిపెట్టాలె. పథ్యం లేదు. కోడి, మేక, గుడ్డు అన్నీ తినొచ్చు. ఇంక మన ముసలోళ్లు భయపడే బొడ్డు చుట్టూ 14 సూదులు ఇప్పుడు లేవు. అది గొర్రె మెదడు నుంచి తీసే పాత మందు, మన దేశంల 2005 నాటికే ఆపేసిన్రు. మా నాయనమ్మ ఇప్పటికీ ఆ సూదుల కథే చెప్తది. ఆ భయంతోనే చాలా మంది పసరు దిక్కు పోతరు.

పసరు మాట వచ్చింది కాబట్టి దాని గురించి రెండు మాటలు. మన పెద్దోళ్ల ఆకు మందులను ఎక్కిరించే అలవాటు నాకు లేదు. అయితే "ఫలానా తాత పసరుతో వంద మంది బతికిన్రు" అన్నదాని వెనుక లెక్క చూడాలె. భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం మన దేశంల ఏటా జంతువు కాట్లు 90 లక్షలకు పైన, రేబిస్‌తో చనిపోయేటోళ్లు దాదాపు 5,700 మంది. కాటు పడ్డోళ్లల్ల చాలా మంది టీకా వేసుకున్నరు కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా భాగించొద్దు. అదే సర్వేల కుక్క కరిచిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క టీకా కూడా వేసుకోలేదని తేలింది. అంటే లక్షల మంది ఏమీ వేసుకోలేదు, వాళ్లల్ల చాలా మంది బతికే ఉన్నరు. ఎందుకంటే కరిచే కుక్కల్ల ఎక్కువ శాతం కుక్కలకు రేబిస్ ఉండదు. పిల్లలను కాపాడుకునే కుక్క, రాయి దెబ్బ తిన్న కుక్క, అన్నం కాడ బెదిరిన కుక్క కరుస్తయి. వాటి కాటుకు పసరు తాగినా బతుకుతరు, ఏమీ తాగకున్నా బతుకుతరు. తాత పేరు నిలబడేది ఆ కుక్కల పుణ్యాన. రేబిస్ ఉన్న కుక్క కరిచిన ఆ ఒక్క మనిషి మూడు నెలలకు ఇంట్లోనే చనిపోతే, దాన్ని "గాలి సోకింది" అంటరు, తాత లెక్కల రాదు.

కరిచిన కుక్కను అక్కడికక్కడ చంపుడు కూడా మన దగ్గర మామూలే. దాంతో మనకే నష్టం. రేబిస్ వచ్చే కుక్క చొంగలో వైరస్ కనిపించేది లక్షణాలు మొదలయ్యే కొద్ది రోజుల ముందు నుంచే, లక్షణాలు వచ్చినంక అది పది రోజుల లోపల చస్తది. కాబట్టి కరిచిన కుక్క పదో రోజు కూడా మంచిగ తిని తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. టీకా మాత్రం మొదటి రోజే మొదలుపెట్టాలె, పది రోజులు చూసి వేద్దామని కూర్చోవద్దు. పదో రోజుకు కుక్క బాగుంటే 28వ రోజు సూది అక్కరలేదని డాక్టర్ చెప్పొచ్చు. కుక్కను కొట్టి చంపితే ఆ సంగతి తెలుసుకునే దారి పోతది. ఈ పది రోజుల లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే. కోతికి, నక్కకు పనిచేయదు.

ఒక మాట పశువుల గురించి. పిచ్చి కుక్క కరిచిన ఆవుకో బర్రెకో రేబిస్ వస్తే అది చొంగ కారుస్తది, మేత మింగలేదు. మనోళ్లు గొంతుల ఏదో ఇరుక్కున్నదని నోట్లో చెయ్యి పెట్టి చూస్తరు. కరవకున్నా, చేతి మీద గీత ఉంటే చాలు, అది మూడో కేటగిరీ. మేత మింగక చొంగ కార్చే పశువు నోట్లో చెయ్యి పెట్టకుండా పశువుల డాక్టర్‌ను పిలవండి. దాని పాలు తాగినమని భయపడేటోళ్లకు, కాచిన పాలతో రేబిస్ రాదు.

ఇప్పుడు అసలు లెక్క. మనుషులకు వచ్చే రేబిస్ నూటికి 99 పాళ్లు కుక్కల ద్వారానే. కాబట్టి కుక్కల్ల ఆగితే మనుషుల్ల ఆగుతది. ఒక పిచ్చి కుక్క చనిపోయేలోపల సగటున ఎన్ని కుక్కలకు రోగం అంటిస్తది? చాలా దేశాల్ల లెక్కపెట్టి చూసిన్రు, ఒకటి కంటే కొంచెం ఎక్కువ, రెండు కంటే తక్కువ. ఒకటిన్నర అనుకుందాం. పది పిచ్చి కుక్కల నుంచి పదిహేను, వాటి నుంచి ఇరవై రెండు, ఇట్ల పెరుగుతది. కుక్కల్ల మూడో వంతుకు టీకా ఉంటే ఆ పదిహేను కాట్లల్ల ఐదు టీకా ఉన్న కుక్కలకే పడుతయి, రోగం అంటేది పదింటికే. పెరుగుడు ఆగింది. మూడో వంతు కంటే పైకి పోతే రోగం తగ్గుకుంట పోయి తనంతట తానే ఆరిపోతది.

మరి మూడో వంతు చాలుతుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 శాతం కావాలని ఎందుకంటున్నది? కుక్కలు ఎక్కువ కాలం బతకవు. 100 కుక్కలున్న ఊర్ల 70 కుక్కలకు టీకా వేసిన్రనుకోండి. ఏడాదిల మూడో వంతు కుక్కలు లారీ కింద పడో, రోగమొచ్చో పోతయి, వాటి చోట్ల టీకా లేని కొత్త పిల్లలు వస్తయి. ఏడాది చివరకు టీకా ఉన్నవి 47 మిగులుతయి. ఇంకా మూడో వంతు పైనే ఉన్నది, మళ్ల వచ్చే క్యాంపు దాకా ఊరికి రక్షణ ఉన్నట్టు. అదే 40 కుక్కలకే వేసి చేతులు దులుపుకుంటే ఏడాది చివరకు 27 మిగులుతయి. రోగం మళ్ల లేస్తది. సగం సగం క్యాంపుతో ఖర్చు మొత్తం అయితది, ఫలితం రాదు.

చంపే పద్ధతిని ఇదే లెక్కల పెట్టి చూడండి. 100 కుక్కల్ల 60 చంపిన్రు. మిగిలిన 40 కుక్కల్ల టీకా ఉన్నవి ఎన్ని? ముందు ఎంత శాతమో అంతే. పిచ్చి కుక్క కిలోమీటర్ల దూరం తిరుగుతది, కుక్కలు తక్కువైనా తన పక్కది దానికి దొరుకుతది. కోళ్ల వ్యర్థాలు, హోటల్ ఎంగిలి అట్లనే ఉన్నయి కాబట్టి పక్క ఊరి కుక్కలు వచ్చి ఖాళీ నింపుతయి. వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలవదు. టీకా వేసుకున్న కుక్కలు కూడా చచ్చినవాటిలో ఉంటయి, అంటే డబ్బు పెట్టి కట్టిన గోడను మనమే కూలగొట్టినట్టు. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవికి 1997లో బయట నుంచి వచ్చిన కుక్కలతో రేబిస్ చేరింది. లక్షల కుక్కలను చంపిన్రు. రోగం ఆగలేదు, దీవి అంతా పాకింది. మన దేశంలోనే గోవాలో దారి వేరు. 2014 నుంచి మిషన్ రేబిస్ అనే సంస్థ, రాష్ట్ర పశుసంవర్ధక శాఖ కలిసి ఊరూరు తిరిగి ఏటా 70 శాతం కుక్కలకు టీకా వేసుకుంట వచ్చిన్రు. 2018 నుంచి అక్కడ ఏళ్ల తరబడి మనిషి మరణం లేక, 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించిన్రు. పక్క రాష్ట్రాల నుంచి కుక్కలు వస్తనే ఉంటయి కాబట్టి అక్కడ టీకాలు ఆపలేదు.

టీకాతో కుక్క కాట్లు తగ్గవు, రేబిస్ మాత్రమే తగ్గుతది. ఈ మాట దాచి చెప్పుడు మంచిది కాదు. కాట్లు, కుక్కల సంఖ్య తగ్గాలంటే ఆపరేషన్లు చేయాలె, చెత్త ఎత్తాలె. అవి కూడా కావాలె. కానీ ఒక డాక్టర్ రోజంతా కష్టపడితే అయ్యే ఆపరేషన్లు కొన్నే. ఆ డాక్టర్, ఇద్దరు మనుషులు అదే రోజు ఒక తండా మొత్తానికి టీకా వేసి పోవచ్చు. డబ్బు ఒక్కదానికే ఉంటే నేను ముందు టీకాకే ఓటేస్త.

పట్నంల కంటే మన తండాలల్ల, గూడేలల్ల ఈ పని సులువు అని నా నమ్మకం. పట్నం కుక్కకు యజమాని ఉండడు, వల వేసి పట్టాలె. మన దగ్గర కుక్క బయట తిరిగినా ఒక ఇంటిదే. మేకల వెంట పోతది, మక్క చేను కాడ అడవి పందులను తరుముతది, పేరు పెట్టి పిలిస్తే వస్తది. దాన్ని పట్టుకోవడానికి ఆ ఇంటి మనిషే చాలు. క్యాంపు టైమ్ మాత్రం పగలు పదకొండు గంటలకు పెడితే ఒక్క కుక్క కూడా ఉండదు, మందల వెంట పోతయి. తెల్లారకముందు గానీ, మేకలు ఇంటికి చేరినంక గానీ పెట్టాలె. ఈ చిన్న సంగతి ఆఫీసుల కూర్చొని తేదీ వేసేటోళ్లకు తెలవదు, మనకే తెలుసు.

పని నడిచే తీరు ఇది. ముందు రోజు ఇద్దరు పిల్లలు ఇల్లిల్లు తిరిగి కుక్కలెన్నో రాసుకోవాలె, కుక్క పిల్లలతో సహా. టీకా పది మోతాదుల సీసాల్ల వస్తది, కుక్కకు ఒక మిల్లీలీటర్. 100 కుక్కలుంటే పది సీసాలు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిల ఉండాలె కాబట్టి ఐసు డబ్బాల తేవాలె, ఎండకు పెట్టిన సీసాతో వేసుకుంటే నీళ్లు వేసినట్టే. యజమాని కుక్క తలను పట్టుకుంటడు, పశువుల దవాఖాన మనిషి మెడ మీది వదులు చర్మం కింద సూది వేస్తడు. వేసిన ప్రతి కుక్కకు రంగు చుక్క పెట్టాలె. అందని కుక్కలను మనం ఉరికి పట్టుకోవద్దు, దానికి ముందస్తు టీకా వేసుకున్న, పట్టుడు వచ్చిన మనుషులు కావాలె.

రంగు ఎందుకంటే, మరునాడు పొద్దున తండా అంతా ఒక చుట్టు తిరిగి కనిపించిన కుక్కలను లెక్కపెట్టాలె. 60 కుక్కలు కనిపించి 42 కుక్కలకు రంగు ఉంటే సరిగ్గా 70 శాతం. 30 కుక్కలకే ఉంటే ఇంకో రోజు క్యాంపు పెట్టాలె. "క్యాంపు విజయవంతం" అని ఫోటో దిగుడు సులువు, ఈ చుట్టు తిరుగుడు ఎవరూ చేయరు. మన గ్రూపు పిల్లలు చేయగలిగేది ఇదే, దీనికి డాక్టర్ అక్కరలేదు, పుస్తకం పెన్ను చాలు.

మందుకు దూరం పోవాల్సింది కూడా లేదు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థనే మనుషులకు వేసే టీకా, కుక్కలకు వేసే టీకా రెండూ తయారు చేస్తది. జూలై 6న పశువుల దవాఖానల్ల కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటరు. 1885లో అదే రోజు పాశ్చర్ ఒక పిల్లగానికి మొదటి రేబిస్ టీకా వేయించిండు. ఆ రోజు మండల కేంద్రంల క్యూ కట్టేది పట్నం పెంపుడు కుక్కలే. మన తండా కుక్కను బస్సెక్కించి ఎవరు తీసుకపోతరు? మందే తండాకు రావాలె.

2018 చట్టంతో మన తండాలు చాలా వరకు సొంత పంచాయతీలు అయినయి. సర్పంచ్ మన అన్ననో అక్కనో. విషం సూదులకు మనుషులను పిలిపించగలిగే పంచాయతీ పశువుల డాక్టర్‌ను పిలిపించలేదంటే నేను నమ్మను. వచ్చే గ్రామసభల ఎవరన్నా ఒకరు లేచి ఈ తీర్మానం రాయించండి: "మా తండాలోని అన్ని కుక్కలకు ఏటా ఒకసారి, ఒకే వారంలో, రేబిస్ టీకా వేయించాలి. క్యాంపు పొద్దున ఆరు గంటల లోపల గానీ, సాయంత్రం ఆరు తర్వాత గానీ పెట్టాలి. పక్క పంచాయతీలు కూడా అదే వారం పెట్టుకునేటట్టు మండల పశువైద్యాధికారికి ఉత్తరం పంపాలి. మరునాటి లెక్క గ్రామసభకు చూపాలి." పక్క పంచాయతీ మాట ఊరికే పెట్టలేదు. మన కుక్కలు చెరువు కట్ట దాటి పోతయి, వాళ్లవి ఇటు వస్తయి.